చరిత్ర పరీక్షలో ఏమీ గుర్తుకు రానప్పుడు

చదివిన పాఠమే ప్రశ్నగా వచ్చినా, చూడగానే మెదడు మొద్దుబారి మొదటి వాక్యమే తట్టకపోవడం చరిత్ర పరీక్షలో చాలామందికి ఎదురయ్యే ఇబ్బంది.

అప్పుడు కలం పక్కన పెట్టి, నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ నెమ్మదిగా వదలాలి. ఇలా ఐదుసార్లు చేయడానికి ఒక నిమిషం కూడా పట్టదు. తరువాత చిత్తుపని చేసుకునే చోట అడ్డంగా ఒక గీత గీసి, ఖచ్చితంగా తెలిసిన ఒక్క సంవత్సరాన్ని దాని మధ్యలో వేయాలి.

ఉదాహరణకు, ఫ్రెంచి విప్లవానికి కారణాలు అడిగారనుకుందాం. 1789 ఒక్కటే గుర్తుంటే అదే చాలు. దానికి ఎడమవైపు “అంతకుముందు ఏం జరిగింది?” అని ప్రశ్నించుకుంటే, రాజు మే నెలలో మూడు వర్గాల ప్రతినిధుల సభ అయిన ఎస్టేట్స్ జనరల్‌ను సమావేశపరచిన సంగతి తడుతుంది. ఎందుకు పిలిచాడంటే ఖజానా ఖాళీ అయింది కనుక. అమెరికా స్వాతంత్ర్య యుద్ధానికి చేసిన ఖర్చు అందుకు ఒక కారణం. 1788లో పంట దెబ్బతిని రొట్టె ధర పెరిగిందన్నది కూడా ఈ వరుసలోనే గుర్తుకు వస్తుంది. కుడివైపు బాస్టిల్ కోట పతనం, ఆగస్టులో భూస్వామ్య హక్కుల రద్దు చేరతాయి. అయితే అవి పరిణామాలు కాబట్టి, అడిగింది కారణాలే అయితే వాటిని ముగింపులో ఒక్క వాక్యానికే పరిమితం చేయాలి. ఎడమవైపున్న ఖాళీ ఖజానా, యుద్ధ ఖర్చు, రొట్టె ధర అనే మూడు మాటలే మూడు పేరాలవుతాయి.

మూడు నిమిషాల్లో గీత మీద రెండు మాటలైనా పడకపోతే ఆ పాఠం అసలు చదవలేదనే అర్థం. అప్పుడు వేరే ప్రశ్నకు వెళ్లడమే మేలు.