డిటెక్టర్ కంటే ముందు మీ శాంపిళ్లను పరీక్షించండి

ఏఐ రాతను పట్టే డిటెక్టర్ ఎంత కరెక్టో కొలవాలంటే, మనుషుల వ్యాసాలు 2022 నవంబర్‌కు ముందువి తీసుకోండి. చాట్‌జీపీటీ వచ్చింది ఆ నెలాఖరునే కాబట్టి అవి ఏఐ రాసినవేమోనన్న అనుమానం చాలావరకు తగ్గుతుంది. తర్వాత ఒక్కో వ్యాసానికి అదే అంశం మీద, అంతే పొడవుతో ఏఐ మోడల్ చేత ఒకటి రాయించి జత కట్టండి.

మొదట్లో నేను ఈ జత సంగతి పట్టించుకోలేదు. మనుషులవి 600 పదాలు, మోడల్‌వి 200. పైగా వాటి నిండా బోల్డ్ అక్షరాలు, చుక్కలు పెట్టిన జాబితాలు. డిటెక్టర్‌కు మార్కులు బ్రహ్మాండంగా వచ్చాయి. ఎందుకో నమ్మబుద్ధి కాక, "300 పదాల లోపుంటే మెషిన్‌దే" అని ఒకే ఒక్క రూల్ పెట్టి చూశాను. దానికీ దాదాపు అవే మార్కులు! అందుకే ముందు ఇలాంటి మొద్దు రూల్‌తో చూడండి. రెండు రకాలూ సమానంగా ఉన్న సెట్‌లో దానికి 50 శాతానికి బాగా మించి వస్తే, లోపం సెట్‌లోనే ఉంది.

ఇంకోటి, మనుషులు రాసిన 100లో డిటెక్టర్ ఎన్నింటిని మెషిన్‌వి అందో విడిగా లెక్కపెట్టండి. సున్నా వచ్చినా సంబరపడకండి. 100 శాంపిళ్లే చూశారు కాబట్టి అసలు తప్పుల రేటు 3 శాతం దాకా ఉండొచ్చు.