గేమ్ ప్రాప్స్ తయారీ, 4వ పాఠం: గోడ స్పష్టంగా ఉంటే పెట్టె మసకగా ఎందుకుంది?

గత పాఠంలో చెక్క పెట్టెకి సీమ్స్ పెట్టి యూవీ విప్పాం. మూతలు తెరిచిన అట్టపెట్టెలా, శిలువ ఆకారంలో పరుచుకుంది. ఈసారి దాన్ని గోడౌన్ లెవెల్లో పెట్టి చూద్దాం. పెట్టెని మోడల్ చేసినప్పుడు ఒంటరిగా బాగానే ఉంటుంది. గోడ పక్కన పెట్టగానే దాని మీద ఎవరో నూనె కాగితం కప్పినట్టు కనిపిస్తుంది. గోడ మీద ఇటుకల గరుకు తెలుస్తుంది, పెట్టె మీద చెక్క గీతలు మాత్రం కలిసిపోతాయి.

ముందు లెక్క చూద్దాం. టెక్స్చర్‌లోని ఒక్కో చుక్కని టెక్సెల్ అంటారు. లెవెల్లో ఒక మీటరు పొడవు మీద ఎన్ని టెక్సెళ్లు పడుతున్నాయో అదే టెక్సెల్ డెన్సిటీ. మన గోడకి 2048 టెక్స్చర్ ఉంది, ప్రతి 4 మీటర్లకి ఒకసారి రిపీట్ అవుతుంది. అంటే మీటరుకు 512. ఈ లెవెల్ మొత్తానికి 512నే లక్ష్యంగా పెట్టుకుందాం.

పెట్టె 1 మీటరు ఘనం, టెక్స్చర్ 1024. శిలువ ఆకారంలో ఒక్కో ముఖం యూవీ చతురస్రం వెడల్పులో నాలుగో వంతు తీసుకుంది. 1024లో నాలుగో వంతు 256. అంటే మీటరుకు 256 టెక్సెళ్లే, గోడలో సగం. ఇది పొడవు లెక్క. వైశాల్యంలో చూస్తే గోడ మీద నాలుగు టెక్సెళ్లు పట్టే చోట పెట్టె మీద ఒక్కటే ఉంది. దీనికి తోడు, మూల నింపడానికి లెవెల్లో ఒక కాపీని రెండింతలు స్కేల్ చేశారనుకోండి. ఆ పెట్టె 2 మీటర్లు అవుతుంది, టెక్సెళ్లు మాత్రం పెరగవు. డెన్సిటీ 128కి పడిపోతుంది.

గుండ్రటి వస్తువులకి, వంకర ముఖాలకి ఇలా నోటి లెక్క కుదరదు. అప్పుడు ఈ సూత్రం వాడండి:

```
TD = texture_px * sqrt(UV_area / surface_area)
```

`UV_area` అంటే మొత్తం యూవీ చతురస్రాన్ని 1 అనుకుంటే మీ ఐలాండ్స్, అంటే విప్పిన యూవీ ముక్కలు, తీసుకున్న భాగం. `surface_area` చదరపు మీటర్లలో ఉండాలి.

ఇక మసక ఎక్కడి నుంచి వస్తోందో చూద్దాం. స్క్రీన్ వెడల్పు 1920 పిక్సెళ్లు, కెమెరా అడ్డంగా 90 డిగ్రీలు చూస్తోంది అనుకుందాం. 2 మీటర్ల దూరంలో, ఎదురుగా ఉన్న 4 మీటర్ల వెడల్పు స్క్రీన్‌లో పడుతుంది. అంటే అక్కడ మీటరుకు 480 స్క్రీన్ పిక్సెళ్లు. గోడకి 512 టెక్సెళ్లు ఉన్నాయి కాబట్టి ఒక్కో పిక్సెల్‌కి దాదాపు ఒక టెక్సెల్ దొరుకుతుంది, స్పష్టంగా ఉంటుంది. స్కేల్ చేసిన పెట్టెకి ఉన్నవి 128 మాత్రమే. ఒక్కో టెక్సెల్ నాలుగు పిక్సెళ్లకి కాస్త తక్కువగా సాగాలి. సాగిన టెక్సెళ్ల మధ్య ఖాళీని జీపీయూ పక్క రంగులు కలిపి నింపుతుంది. దీన్నే బైలీనియర్ ఫిల్టరింగ్ అంటారు. కొత్త వివరం ఏదీ రాదు, ఒక రంగు ఇంకో రంగులోకి మెల్లగా జారుతుంది. మన కంటికి అది మసక.

ఇప్పుడు పెట్టెకి 8 మీటర్ల దూరం వచ్చేదాకా వెనక్కి వెళ్లండి. అక్కడ మీటరుకు 120 పిక్సెళ్లే. గోడ టెక్స్చర్‌కి అంత వివరం అక్కర్లేదు కాబట్టి జీపీయూ దాని చిన్న మిప్‌ని, అంటే ముందే తగ్గించి ఉంచిన కాపీని వాడుతుంది. పెట్టె దగ్గరున్న 128 కూడా సరిపోతుంది. రెండూ ఒకేలా కనిపిస్తాయి. అందుకే ఈ లోపం లెవెల్‌ని దూరం నుంచి చూసి సరిచూసుకునేవాళ్లకి దొరకదు, ఆటగాడు పెట్టె పక్కన నక్కినప్పుడు బయటపడుతుంది. అప్పుడైనా, గదిలో అన్నీ 128 అయితే కన్ను సర్దుకుంటుంది. పదునైన గోడ పక్కనే ఉండటం వల్ల అది మచ్చలా తేలుతుంది.

పరీక్షకి చెకర్ టెక్స్చర్ కావాలి. 64 పిక్సెళ్ల గడులతో ఒకటి 1024లో, ఒకటి 2048లో చేసుకోండి. 512 డెన్సిటీలో మీటరుకు సరిగ్గా 8 గడులు రావాలి. ఇక్కడ చాలామంది పొరపడతారు: 1024 ప్రాప్‌కీ 2048 ప్రాప్‌కీ ఒకే చెకర్ పెట్టి గడులు పోలుస్తారు. ప్రతి ప్రాప్‌కీ దాని అసలు టెక్స్చర్ సైజు చెకరే పెట్టాలి, లేకపోతే పోలిక అబద్ధం చెబుతుంది. బ్లెండర్‌లో యూవీ విప్పే ముందు `Ctrl+A` నొక్కి `Scale` అప్లై చేయండి. అన్‌వ్రాప్ చేసేటప్పుడు ఆబ్జెక్ట్ స్కేల్‌ని అది లెక్కలోకి తీసుకోదు, ఒక వైపు సాగదీసిన పెట్టె గడులు దీర్ఘచతురస్రాలైపోతాయి.

మన పెట్టె మీద 8 గడులకి బదులు 4 కనిపిస్తాయి. సరిచేయడానికి టెక్స్చర్ పెంచడం సులువు అనిపిస్తుంది. నేను మొదట్లో అదే చేశాను. 1024 బొమ్మని ఇమేజ్ ఎడిటర్‌లో 2048కి సాగదీసి పెట్టాను. చెకర్‌తో చూస్తే లెక్క సరిపోయింది, అసలు టెక్స్చర్ పెడితే మసక అలాగే ఉంది. లేని వివరం సాగదీస్తే రాదు. పైగా మెమరీ నాలుగింతలైంది.

నాకు నచ్చిన దారి యూవీనే మార్చడం. పెట్టె ఎదురెదురు ముఖాలు ఒకేలా ఉన్నా ఫర్వాలేదు కాబట్టి ఒక్కో జంటని ఒకదాని మీద ఒకటి పెట్టండి. ఆరు ముఖాలు మూడు అవుతాయి. ఒక్కోదాన్ని యూవీ చతురస్రంలో సగం వెడల్పుకి పెంచండి. 1024లో సగం 512, ముఖం 1 మీటరు. టెక్స్చర్ సైజు మారకుండానే డెన్సిటీ 512కి వచ్చింది, పైగా ఒక మూల పావు భాగం ఖాళీగా మిగిలింది. ఐలాండ్ల మధ్య నాలుగైదు పిక్సెళ్ల ఎడం వదిలితే 512 కాస్త తగ్గుతుంది. ఆ తేడా ఎవరికీ కనిపించదు. రెండింతల తేడా మాత్రం దాచలేం.

దీనికి కొంత మూల్యం ఉంది. పెట్టె మీద అక్షరాలు రాస్తే ఎదురు ముఖం మీదా అవే వస్తాయి, యూవీ తిరగబడితే అద్దంలోలా కనిపిస్తాయి. నార్మల్ మ్యాప్ బేక్ చేసేటప్పుడు జంటలో రెండో ఐలాండ్‌ని సరిగ్గా 1 యూనిట్ పక్కకి జరపండి, లేకపోతే రెండు ముఖాలూ ఒకే చోట బేక్ అయి పాడవుతాయి. లైట్‌మ్యాప్‌కి ఐలాండ్లు ఒకదాని మీద ఒకటి పడని రెండో యూవీ ఛానెల్ కావాలి.

2 మీటర్ల పెట్టెకి స్కేల్ చేసిన కాపీ వాడొద్దు. అదే అమరికతో, 2048లో కొత్తగా పెయింట్ చేసిన వేరే ప్రాప్ చేయండి. 1024 టెక్సెళ్లు 2 మీటర్ల మీద, మళ్లీ 512. ఆటగాడు చేతిలోకి తీసుకుని చూసే వస్తువుకి దీనికి రెండింతలు ఇవ్వొచ్చు, కప్పు లోపలి దూలాలకి సగం చాలు. ఆ మినహాయింపులు మీరు తెలిసి ఇచ్చినవై ఉండాలి.

ఇంకో సంగతి. లెవెల్ లోడ్ అవ్వగానే మసకగా ఉండి, రెండు సెకన్లలో తేరుకుంటే అది టెక్స్చర్ స్ట్రీమింగ్ ఆలస్యం, డెన్సిటీ లోపం కాదు. ఆగి చూసినా మసక అలాగే ఉంటే చెకర్ తీయండి.

వచ్చే పాఠానికి ముందు ఒక పని: 0.6 మీటర్ల వ్యాసం, 0.9 మీటర్ల ఎత్తున్న డ్రమ్ముకి 512 రావాలంటే యూవీలో ఎంత చోటు కావాలో సూత్రంతో లెక్కవేయండి. పెట్టె టెక్స్చర్‌లో మిగిలిన ఆ పావు భాగంలో అది పడుతుందో లేదో వచ్చే పాఠంలో చూస్తాం.