బోదకాలు గోలీలు ఇంటికి వస్తే ఎవరు వేసుకోవాలి, వేసుకున్నాక జ్వరమొస్తే ఏం చేయాలి?

వరంగల్ చుట్టుపక్కల ఊళ్లలో ఆశా అక్క గోలీల సంచితో గడప దగ్గర నిలబడగానే ఎక్కువ మంది అనే మాట ఒక్కటే, "నాకేం రోగం లేదు కదక్కా, నాకెందుకు?" ఈ ప్రశ్నకు సరైన జవాబు తెలియకపోతే కింద చెప్పేవేవీ చేయబుద్ధి కాదు, అందుకే ముందు దాంతోనే మొదలుపెడతాను.

బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగులు మన శరీరంలో లింఫ్ నాళాల్లో కాపురం పెట్టి, లక్షల కొద్దీ సన్నటి పిల్ల క్రిములను రక్తంలోకి వదులుతాయి. వీటిని మైక్రోఫైలేరియా అంటారు. మురుగు నీళ్లలో పెరిగే క్యూలెక్స్ దోమ రాత్రిపూట కుట్టి ఈ పిల్ల క్రిములను పీల్చుకుంటుంది, కొన్ని రోజుల తర్వాత ఇంకొకరిని కుట్టినప్పుడు అంటిస్తుంది. పిల్ల క్రిములు కూడా రాత్రిళ్లే పైపై రక్తంలోకి వస్తాయి, అందుకే ఫైలేరియా రక్త పరీక్షలకు సిబ్బంది రాత్రి ఎనిమిదిన్నర దాటాక వస్తారు. ఇప్పుడు అసలు సంగతి. రక్తంలో క్రిములున్న మనిషికి ఏళ్ల తరబడి కాలు వాయదు, నొప్పి ఉండదు, పనికి అడ్డు రాదు. తనకే తెలియకుండా ఇంటి వాళ్లకూ పక్కింటి వాళ్లకూ దోమల ద్వారా పంచుతూ ఉంటాడు. కాలు వాచేదాకా ఆగితే అప్పటికే నాళాలు దెబ్బతిని ఉంటాయి, వాటిని గోలీ బాగుచేయలేదు. కాబట్టి ఈ గోలీలు ఏ రోగమూ లేదనుకునే వాళ్ల కోసమే.

మొదట, ఎన్ని గోలీలో తెలుసుకోండి

సాధారణంగా రెండు రకాలుంటాయి. డీఈసీ 100 మిల్లీగ్రాములది, ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాములది. డీఈసీ వయసును బట్టి ఇస్తారు: రెండు నుంచి ఐదేళ్ల పిల్లలకు ఒకటి, ఆరు నుంచి పద్నాలుగేళ్ల వాళ్లకు రెండు, పదిహేను దాటిన వాళ్లందరికీ మూడు. ఆల్బెండజోల్ మాత్రం రెండేళ్లు దాటిన అందరికీ ఒక్కటే, అదీ నమిలి మింగాలి. కొన్ని జిల్లాల్లో వీటికి ఐవర్‌మెక్టిన్ అనే మూడో మందు కలుపుతారు. అది వయసును బట్టి కాదు, ఎత్తును బట్టి. ఆశా చేతిలో ఎత్తు కొలిచే కర్ర కనిపిస్తే ఇది మూడు మందుల విడత అని అర్థం. అప్పుడు పొడుగాటి పెద్దమనిషికి ఐవర్‌మెక్టిన్ నాలుగు దాకా వస్తాయి, డీఈసీ మూడు, ఆల్బెండజోల్ ఒకటి కలిపితే ఎనిమిది గోలీలు. అరచేతిలో ఎనిమిది చూసి చాలామందికి భయమేస్తుంది, సగం జేబులో వేసుకుంటారు. ఆ లెక్క పొరపాటు కాదు, మోతాదే అంత.

మీ ఊరు ఈ ఏడు ఈ విడతలో ఉందో లేదో, రెండు మందులో మూడో, మీ పీహెచ్‌సీలోనో ఆశా దగ్గరో అడగండి. గోలీలు ఉచితమే. మెడికల్ షాపుకు వెళ్లి సొంతంగా కొనుక్కుని వేసుకోవద్దు.

ఎవరు ఆగాలి?

ఈ జాబితా చిన్నదే. రెండేళ్ల లోపు పిల్లలు, గర్భిణులు, మంచం పట్టినంత తీవ్ర జబ్బుతో ఉన్నవాళ్లు వేసుకోకూడదు. మూడు మందుల విడత అయితే ఐదేళ్ల లోపు పిల్లలకూ, ఎత్తు 90 సెంటీమీటర్లు రాని వాళ్లకూ, కాన్పై వారం దాటని బాలింతలకూ ఐవర్‌మెక్టిన్ ఇవ్వరు. కిడ్నీ జబ్బు, డయాలసిస్, మూర్ఛ, ఇంతకుముందు ఈ మందులకు ఒళ్లంతా దద్దుర్లు వచ్చిన అనుభవం ఉంటే ఆశాకు దాచకుండా చెప్పి, డాక్టరు సరేనన్నాకే వేసుకోండి.

ఇక బీపీ, షుగరు, కీళ్ల నొప్పులు ఉన్నవాళ్లు? వేసుకోవచ్చు. రోజూ వేసుకునే మందులు మానాల్సిన పని కూడా లేదు. మా ప్రాంతంలో ఎక్కువ మంది తప్పించుకునేది ఈ పేరు చెప్పే, ఊరి పెద్దల్లో సగం మందికి బీపీయో షుగరో ఉన్న రోజుల్లో వాళ్లంతా పక్కకు జరిగితే ఇక మిగిలేదెవరు? మొత్తం జనాభాలో కనీసం 65 శాతం మంది మింగితేనే ఆ విడతకు ఫలితం ఉంటుంది. కాలు ఇప్పటికే వాచినవాళ్లు కూడా వేసుకోవచ్చు, అయితే వాపు తగ్గుతుందని ఆశపడొద్దు. కాలు ఎర్రబడి చలిజ్వరం వచ్చి ఉంటే మాత్రం అది తగ్గేదాకా ఆగండి.

ఒక ఇంటి లెక్క చూద్దాం

నర్సంపేట వైపు ఒక ఇల్లు అనుకోండి, రెండు మందుల విడత. ఇంట్లో బీపీ ఉన్న అరవై ఎనిమిదేళ్ల నాయనమ్మ, నలభై ఐదేళ్ల కొడుకు, కోడలు, కాన్పుకు వచ్చిన కూతురు ఐదో నెల, ఎనిమిదేళ్ల మనవడు, మూడేళ్ల మనవరాలు, ఏడాదిన్నర పసివాడు. నాయనమ్మ, కొడుకు, కోడలు తలా మూడు డీఈసీ, ఒక ఆల్బెండజోల్. మనవడికి రెండు డీఈసీ, మనవరాలికి ఒకటి, ఇద్దరికీ ఒక్కో ఆల్బెండజోల్. గర్భిణికీ పసివాడికీ ఏమీ లేవు. ఏడుగురిలో ఐదుగురు మింగాలి, డీఈసీ పన్నెండు, ఆల్బెండజోల్ ఐదు.

కాగితం మీద తేలికే. మిర్చి ఏరే రోజుల్లో కొడుకూ కోడలూ పొద్దున్నే చేనుకు పోతారు, పదింటికి ఆశా వచ్చేసరికి ఇంట్లో ముసలామె, పసివాడు మాత్రమే ఉంటారు. "గోలీలు ఇచ్చిపో బిడ్డా, వచ్చినంక ఏసుకుంటరు" అంటుంది నాయనమ్మ. "లేదు పెద్దమ్మా, పొద్దుమూకినంక మళ్లొస్త, బువ్వ తిని ఉండమను" అనాలి ఆశా. అలా వదిలేసిన గోలీలు చాలాసార్లు గూట్లోనే ఉండిపోతాయి, రిజిస్టర్లో మాత్రం వేసుకున్నట్టు ఎక్కుతాయి. అందుకే ఎదురుగా నిలబడి మింగించాలనే నియమం పెట్టారు, అది మీ మీద అపనమ్మకంతో కాదు. మింగాక వేలికి గుర్తు పెడతారు.

మింగే పద్ధతి

కడుపు నిండా తినండి. చాయ్ బిస్కెట్ లెక్కలోకి రాదు, అన్నమో రొట్టెనో తినాలి. ఖాళీ కడుపున వేసుకుంటే తిప్పడం, వాంతులు చాలా ఎక్కువవుతాయి, ఒక బడిలోనో వాడలోనో నలుగురు వాంతి చేసుకుంటే మిగతా వాళ్లు గాబరా పడి ఊరంతా టెన్షన్ అవుతుంది. డీఈసీలను నీళ్లతో మింగండి, ఆల్బెండజోల్ నమలండి. చిన్నపిల్లలకు ఆల్బెండజోల్ పొడి చేసి నీళ్లలో కలిపి పట్టండి, ఏడుస్తున్న పిల్ల ముక్కు మూసి బలవంతంగా నోట్లో వేస్తే గొంతుకు అడ్డం పడుతుంది, అది గోలీ కన్నా పెద్ద ప్రమాదం. మింగిన కాసేపటికే వాంతి అయితే మీ అంతట మీరు మళ్లీ వేసుకోకండి, ఆశాకు చెప్పండి. ఈమధ్యే బడిలోనో అంగన్‌వాడీలోనో నులిపురుగుల గోలీ ఇచ్చి ఉంటే అదీ చెప్పండి, ఎందుకంటే అక్కడ ఇచ్చేది ఈ ఆల్బెండజోలే.

తర్వాత ఏమవ్వచ్చు?

జనం గోలీలంటే భయపడేది ఇక్కడే కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. రక్తంలో క్రిములు లేనివాళ్లలో ఎక్కువ మందికి ఏమీ కాదు, కొందరికి కాస్త తిప్పినట్టు, మత్తుగా ఉంటుంది. క్రిములు ఉన్నవాళ్లలో మందు దెబ్బకు అవి పెద్ద సంఖ్యలో చచ్చిపోతాయి, వాటి మీద మన ఒళ్లు తిరగబడుతుంది. దాంతో జ్వరం, తలనొప్పి, ఒళ్లు నొప్పులు, తల తిరగడం, వాంతి, దురద, దద్దుర్లు కనిపిస్తాయి. మొదటి ఒకటి రెండు రోజుల్లోనే మొదలై, మామూలుగా మూడు రోజుల్లోపే తగ్గిపోతాయి. క్రిములు ఎంత ఎక్కువుంటే జ్వరం అంత గట్టిగా రావచ్చు. అలాగని జ్వరమొచ్చిన ప్రతివాళ్లకూ ఫైలేరియా ఉన్నట్టు కాదు, ఏమీ రాకపోతే మందు పనిచేయనట్టూ కాదు.

కొంతమంది మగవాళ్లకు పెద్ద పురుగులు చచ్చినచోట, ముఖ్యంగా వృషణాల దగ్గర, చిన్న గడ్డలా తగిలి నొప్పి పుడుతుంది. గజ్జల్లో బిళ్లలు కట్టవచ్చు. ఇవి జ్వరం తర్వాత నాలుగైదు రోజులకు వచ్చినా గోలీల వల్లే అయ్యుండవచ్చు. సిగ్గుపడి దాచే నొప్పి ఇది, దయచేసి దాచకండి, పీహెచ్‌సీలో చూపించండి. మలంలో ఏలికపాములు పడటం కూడా మామూలే, అది ఆల్బెండజోల్ పని.

జ్వరం, నొప్పులకు పెద్దవాళ్లు 500 మిల్లీగ్రాముల పారాసిటమాల్ ఒకటి వేసుకోవచ్చు, అవసరమైతే ఆరు గంటల తర్వాత మళ్లీ. పిల్లలకు ఎంతో బరువును బట్టి ఏఎన్‌ఎం చెప్తుంది. నీళ్లు, ఓఆర్‌ఎస్, పలుచటి గంజి తాగుతూ పడుకోండి. తెల్లారి కూలి పని ఉంటే ఆ రోజు తేలిక పనే పెట్టుకోండి, ఎండలో మిర్చి ఏరుతూ తల తిరిగితే కష్టం.

ఇంట్లో చూసుకోకూడనివి కొన్ని ఉన్నాయి. ఊపిరి ఆడకపోవడం, పెదాలు లేదా ముఖం వాయడం, స్పృహ తప్పడం, నీళ్లు కూడా నిలవనంతగా వాంతులు అయితే వెంటనే 108కి ఫోన్ చేయండి. ఇలాంటివి చాలా అరుదు. జ్వరం మూడు రోజులు దాటినా, నొప్పి పెరుగుతున్నా పీహెచ్‌సీకి వెళ్లండి. గోలీల విడత నడిచే రోజుల్లో ఇందుకోసం ప్రత్యేక బృందాలు సిద్ధంగా ఉంటాయి, ఆశా దగ్గర వాళ్ల నంబరు ముందే తీసుకుని గోడ మీద రాసి పెట్టుకోండి.

వచ్చే ఏడూ ఎందుకు?

డీఈసీ పిల్ల క్రిములను బాగా తుడిచేస్తుంది కానీ పెద్ద పురుగుల్లో కొన్ని బతికే ఉంటాయి. అవి ఐదారేళ్లు బతికి మళ్లీ పిల్లలు పెడుతూ ఉంటాయి. అందుకే రెండు మందుల పద్ధతిలో ఏడాదికోసారి చొప్పున కనీసం ఐదేళ్లు ఇస్తారు. "పోయిన ఏడు వేసుకున్న కదా" అనుకుని ఈసారి మానేస్తే మిగిలిన పురుగులు మళ్లీ రక్తాన్ని నింపుతాయి. హైదరాబాదులో పని చేస్తూ పండగకు మాత్రమే ఊరికి వచ్చే కొడుకులు, హాస్టల్లో చదివే పిల్లలు ఏటా తప్పిపోతూ ఉంటారు. విడత ముగిశాక మిగిలిపోయిన వాళ్ల కోసం కొన్ని రోజులు మళ్లీ తిరుగుతారు, వాళ్లు ఊళ్లో ఉన్న రోజు చూసి మీరే ఆశాను పిలవండి, లేదా తినిపించి నేరుగా సబ్‌సెంటర్‌కు పంపండి.