ఉంగరాల జుట్టు ఫొటోకి బ్యాక్‌గ్రౌండ్ మార్చడం ఎలా? చుట్టూ పాత గోడ రంగు మిగలకుండా

మా అక్క కూతురికి ఉద్యోగం అప్లికేషన్‌కి ఫొటో కావాల్సి వచ్చింది. బాగా వచ్చిన ఫొటో ఒక్కటే ఉంది, అదీ లేత నీలం గోడ ముందు తీసింది, వెనక స్విచ్‌బోర్డు కూడా పడింది. జుట్టేమో ఒత్తుగా ఉంగరాలు తిరిగి ఉంటుంది. ఫొటోషాప్‌లో ఒక్క క్లిక్‌తో సెలెక్ట్ చేసి ముదురు బూడిద రంగు మీద పెడితే తల చుట్టూ నీలం గీత వచ్చేసింది, జుట్టు సందుల్లో కూడా నీలం చుక్కలే.

ఆ గీత ఎందుకొస్తుందో తెలిస్తే మిగతా పని సులువు. సన్నని వెంట్రుక ఒక పిక్సెల్ నిండా ఉండదు. ఆ పిక్సెల్‌లో సగం వెంట్రుక రంగు, సగం గోడ రంగు కలిసిపోయి ఉంటాయి. మాస్క్ ఆ పిక్సెల్ ఎంత కనిపించాలో చెబుతుందే తప్ప అందులో కలిసిన నీలాన్ని తీసేయదు. అందుకే ఇది రెండు పనులు: ముందు ఆకారం, తర్వాత రంగు. చాలామంది మొదటిదాంతో ఆపేస్తారు.

వాట్సాప్‌లో వచ్చిన ఫొటో కాకుండా కెమెరాలోని ఒరిజినల్ తీసుకోండి, కుదించిన ఫొటోలో వెంట్రుకలు ముద్దలుగా అయిపోతాయి. Ctrl+J తో కాపీ చేసి, కింద ఉన్న ఒరిజినల్‌ని కనపడకుండా ఆపేసి, ఈ రెంటి మధ్య కొత్త రంగు లేయర్ ఇప్పుడే పెట్టేయండి.

ఇప్పుడు Channels ప్యానెల్‌లో Red, Green, Blue ఒక్కోటి నొక్కి చూడండి. జుట్టుకీ గోడకీ తేడా దేంట్లో ఎక్కువుంటే అదే మనకి కావాలి. నీలం గోడ కాబట్టి మాకు Blue లో గోడ తెల్లగా, జుట్టు నల్లగా కనిపించింది. దాన్ని కింద ఉన్న కొత్త చానెల్ గుర్తు మీదకి లాగితే Blue copy వస్తుంది. దాని మీద Ctrl+L కొట్టి ఎడమ స్లైడర్‌ని 45 దాకా, కుడిదాన్ని 190 దాకా జరిపాను, మీ ఫొటోకి ఇవి వేరేగా ఉంటాయి. అంచుల్లో బూడిద రంగు పూర్తిగా పోయేదాకా మాత్రం లాగకండి. ఆ బూడిదే సన్న వెంట్రుక, అది పోతే జుట్టు కత్తెరతో కత్తిరించిన అట్టముక్కలా కనిపిస్తుంది.

Ctrl+I కొడితే మనిషి తెల్లగా, గోడ నల్లగా మారతాయి. బ్రష్ మోడ్ Overlay, Opacity 25% పెట్టి, గోడ ఇంకా బూడిదగా ఉన్నచోట నలుపుతో రాయండి. ఈ మోడ్‌లో పూర్తి తెలుపు చెక్కుచెదరదు, కాబట్టి వెంట్రుకల దగ్గర కూడా ధైర్యంగా వెళ్లొచ్చు. జుట్టు వైపు ఇదే పని తెలుపుతో చేయండి. ముఖం, బట్టలు మాత్రం మామూలు Normal బ్రష్‌తో తెల్లగా నింపేయాలి. ఈ ఊపులో జుట్టంతా కూడా నింపేయాలనిపిస్తుంది, అక్కడే నేను దెబ్బతిన్నాను: ఉంగరాల మధ్య చిన్న చిన్న రంధ్రాల్లోంచి గోడ కనిపిస్తూ ఉంటుంది, వాటిని తెల్లగా పూస్తే పాత నీలం అక్కడే ఉండిపోతుంది. 200% జూమ్ చేసి ఆ సందుల్ని నల్లగానే ఉంచండి.

Ctrl పట్టుకుని ఆ చానెల్ బొమ్మ మీద క్లిక్ చేస్తే సెలెక్షన్ వస్తుంది. RGB నొక్కి, Layers లో మన కాపీ మీదకి వచ్చి మాస్క్ గుర్తు నొక్కండి. ఆకారం అయిపోయింది, నీలం మాత్రం ఇంకా ఉంటుంది.

రంగు పని ఇలా: పైన కొత్త లేయర్ వేసి Ctrl+Alt+G తో కింది లేయర్‌కి తగిలించండి. బ్రష్ పట్టుకుని, Alt నొక్కి, అంచుకి కాస్త లోపలున్న జుట్టు మీద క్లిక్ చేస్తే ఆ రంగు వస్తుంది. మెత్తని బ్రష్‌తో అంచు మీద మాత్రమే పూయండి. వెంట్రుక ఆకారం మాస్క్‌లోనే ఉంది కాబట్టి రంగు బయటికి పొంగదు. ఎండ తగిలిన వైపు జుట్టు గోధుమగా, నీడవైపు నల్లగా ఉంటుంది, అందుకని ప్రతి నాలుగు వేళ్ల వెడల్పుకీ రంగు మళ్లీ తీసుకోవాలి. లోపలి దాకా పూస్తే జుట్టు బొగ్గు పూసినట్టవుతుంది. Select and Mask లోని Decontaminate Colors కూడా ఇదే పని తనంతట తాను చేస్తుంది, మామూలు జుట్టుకి ఫర్వాలేదు గానీ, మా ఫొటోలో ఉంగరాలన్నీ అలికేసింది.

భుజాలకీ చెవులకీ ఈ తంటా లేదు. అక్కడ గీత కనిపిస్తే మాస్క్ మీద చిన్న నల్ల బ్రష్‌తో ఒక పిక్సెల్ లోపలికి తోస్తే చాలు.

చివరగా కొత్త రంగు లేయర్‌ని కాసేపు పూర్తి నలుపుకీ, తర్వాత ముదురు ఎరుపుకీ మార్చి 100% జూమ్‌లో చూడండి. లేత బూడిద మీద దాక్కున్న గీత నలుపు మీద వెంటనే బయటపడుతుంది. ఒకటే చిక్కు, వెనక నుంచి ఎండ పడి జుట్టు అంచు నిజంగానే మెరుస్తుంటే అది గోడ రంగు కాదు, వెలుగు. దాన్ని పూసి చంపితే మనిషి అతికించినట్టు కనిపిస్తుంది, అలాంటి ఫొటోకి కొత్త బ్యాక్‌గ్రౌండ్ కూడా లేత రంగుదే పెట్టుకోండి.