ఖాళీలు పూరించండి, 4వ పాఠం: నీళ్ళు పోశాడా, పెట్టాడా, పట్టాడా?

పిల్లలకిచ్చే ఖాళీల ప్రశ్నలు ఎలా తయారుచేయాలో చూస్తున్న ఈ పాఠాల్లో, పోయినసారి చివర్లో మిమ్మల్ని పూరించమని ఇచ్చిన వాక్యం చాలామందిని ఇబ్బంది పెట్టింది. అందుకే ఈసారి చేద్దామనుకున్న విశేషణాలను పక్కన పెట్టి దాని సంగతే చూద్దాం.

తాతయ్య పొద్దున్నే లేచి మొక్కలకు నీళ్ళు ____.

నేను అనుకున్న జవాబు "పోశాడు". మీ నుంచి వచ్చినవి పోశాడు, పెట్టాడు, పట్టాడు, చల్లాడు, కట్టాడు. వీటిలో తప్పేదీ లేదు. గొట్టంతో అయితే పడతారు, మడికీ తోటకీ అయితే కాలువ తిప్పి కడతారు. పైగా తాతయ్యని గౌరవంగా పిలిచే ఇంట్లో పిల్లలు "పోశారు" అనే రాస్తారు, అదీ సరైనదే. తప్పు వాక్యంలో ఉంది. పని ఎలా జరిగిందో అది చెప్పలేదు.

దీనికి చాలామంది వేసే అతుకు మొదటి అక్షరం ఇచ్చేయడం. దీని మీద నాకు నిజంగా కోపం, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. ఖాళీ ముందు "ప" అని పెడితే చాలనుకుంటారు. పోశాడు, పెట్టాడు, పట్టాడు మూడూ ప-గుణింతంలోవే కదా! గుణింతం సంగతి తెలియని పిల్లవాడు "పట్టాడు" రాస్తాడు, తెలిసినవాడు "ప" అంటే ప, పె, పో ఏదైనా కావచ్చునా అని ఆగిపోతాడు. పోనీ "పో" అని పూర్తిగా ఇస్తే ఇంకా ఘోరం, మిగిలేది "శాడు" ఒక్కటే, అప్పుడు మనం అడుగుతున్నది మాట కాదు, క్రియ చివర మాత్రమే. జవాబుల పెట్టె ఇస్తే సరిపోతుందా అంటే, పెట్టెలో "పోశాడు", "పెట్టాడు" రెండూ ఉన్నప్పుడు పిల్లవాడు "పెట్టాడు" ఇక్కడ వాడేస్తే, నిజంగా అది కావలసిన తర్వాతి ప్రశ్నకు మిగలదు. మన ఒక్క పొరపాటుకి వాడికి రెండు మార్కులు పోతాయి.

సాయం ఖాళీకి ముందు వాక్యంలోనే ఉండాలి. తెలుగులో క్రియ చివర్లో వస్తుంది కాబట్టి మనకిది సులువు, చెప్పాల్సిందంతా ముందే చెప్పేయొచ్చు.

రవి చెంబు వంచి తులసి మొదట్లో నీళ్ళు ____.

"చెంబు వంచి" అనగానే పట్టడం, కట్టడం పోయాయి. "మొదట్లో" అనేసరికి చల్లడం కూడా దాదాపు పోయింది. తాతయ్య బదులు రవిని తెచ్చాను కాబట్టి గౌరవం గొడవ కూడా లేదు. అయినా ఇది పక్కా కాదు, ఎవరైనా "ఒంపాడు" అని రాయొచ్చు. రాస్తే పూర్తి మార్కు ఇస్తాను, దాన్ని పేపర్ ఇచ్చే ముందే జవాబుల కాగితం మీద రాసుకుంటాను. "పోసిండు" కూడా అందులోనే ఉంటుంది. ఇక్కడ అడిగింది పదం, ఏ ప్రాంతపు క్రియారూపం అని కాదు.

ఒక్క జవాబే కావాలంటే జంటగా స్థిరపడిపోయిన మాటలు వెతకండి:

నూనె రాసి, కాళ్ళ మీద పడుకోబెట్టుకుని అమ్మమ్మ పసిబిడ్డకు నీళ్ళు ____.

ఇక్కడ "పోసింది" తప్ప ఇంకోటి పట్టదు, ఎందుకంటే నీళ్ళు పోయడమంటే స్నానం చేయించడమే. కానీ ఆ దృశ్యం ఎప్పుడూ చూడని పిల్లలుండే క్లాసులో, ముఖ్యంగా విదేశాల్లో, ఈ వాక్యం మాటని కాకుండా ఇంటి అలవాటుని పరీక్షిస్తుంది. అక్కడ నేను చెంబు వాక్యమే వాడతాను.

అనుకున్న మాటే రాయాలి, ఇంకేది రాసినా తప్పు అనే పద్ధతి గురించి కొందరు అడిగారు. విల్సన్ టేలర్ 1953లో ఖాళీల పరీక్షని ప్రతిపాదించినప్పుడు, తీసేసిన మాటే సరిగ్గా వచ్చిందా అని లెక్కపెట్టారు. అయితే ఆయన కొలవాలనుకున్నది గద్యం ఎంత తేలిగ్గా చదవొచ్చో. రచనలని పోల్చడానికి ఆ లెక్క చాలు, పిల్లవాడికి మాట వచ్చో రాదో తేల్చడానికి చాలదు.

వాక్యం గట్టిదో కాదో తెలుసుకోవడానికి నేను చేసేది ఒకటే. ఖాళీతో కాగితం మీద రాసి, వేర్వేరు జిల్లాల నుంచి వచ్చిన ముగ్గురు పెద్దవాళ్ళకి ఇస్తాను. జవాబుల పెట్టె ఇవ్వను, ఏ మాట కోసం అడుగుతున్నానో చెప్పను. ముగ్గురూ ఒకటే రాస్తే వాడతాను. రెండు మాటలు వస్తే రెండూ జవాబుల కాగితంలోకి వెళ్తాయి. మూడూ వేరైతే వాక్యం తిరగరాస్తాను.

ఈసారి అభ్యాసం పెద్దదే. "తలుపు ____" తీసుకోండి. వేసింది, తీసింది, తట్టింది, ఈ మూడింటికీ ఒక్కో వాక్యం రాయండి, ఒక్కోదానిలో అది తప్ప వేరే క్రియ పట్టకూడదు. "వేసింది" దగ్గర "మూసింది" అడ్డొస్తుంది. దాన్ని తప్పించడానికి కనీసం ఐదు వాక్యాలు ప్రయత్నించి, ఏదీ కుదరకపోతే ఆ ఐదూ అలాగే పంపండి. ప్రతిదాని పక్కన, మీ ఇంట్లోవాళ్ళు కాకుండా ఇద్దరు ఏం రాశారో, ఏ ప్రాంతం వాళ్ళో రాయండి.