ఫోటో తీసిన బిల్లును అనువదించే ముందు జాగ్రత్తలు

- బిల్లును బల్లపై పరిచి, సరిగ్గా పైనుంచి ఫోటో తీయండి. మడత ఉంటే వరుస వంగి, ఒక సరుకు ధర పక్క సరుకుకు అంటుకుంటుంది.

- అనువాదం మొదలుపెట్టక ముందే, అసలు బిల్లులో ఉన్నన్ని నిలువు వరుసలతో పట్టిక గీయండి. ఖాళీ గడిలో అడ్డగీత పెట్టండి. చిక్కంతా ఇక్కడే! డిస్కౌంటు గడి ఖాళీగా ఉంటే మొత్తం సొమ్ము ఎడమకు జరిగి అందులో కూర్చుంటుంది. 12 పొట్లాలు, ధర 45, డిస్కౌంటు –, మొత్తం 540. ఇలా ప్రతి వరుసనూ గుణించి చూస్తే జరిగిన అంకె దొరికిపోతుంది.

- పక్కన అంకెలు లేని లైను చాలావరకు పై సరుకు పేరుకు కొనసాగింపే. దాన్ని పై గడిలోనే కలపండి.

- పట్టికను ఎక్సెల్‌లో వేస్తుంటే, సరుకు రకాన్ని తెలిపే హెచ్‌ఎస్‌ఎన్ కోడ్‌ల నిలువు వరుసను ముందే టెక్స్ట్‌గా మార్చండి. లేకపోతే టీ పొడి కోడ్ 0902 కాస్తా 902 అవుతుంది.