మూడో రోజు బరువు పెరిగి పల్స్ నార్మల్‌కి వస్తే: అనొరెక్సియా కేసులో రీఫీడింగ్ ఎలా పట్టుకోవాలి

గుంటూరు హాస్టల్ నుంచి 19 ఏళ్ల అమ్మాయి జనరల్ వార్డులో చేరిందనుకోండి. ఎత్తు 162 సెంటీమీటర్లు, బరువు 36 కిలోలు, అంటే బీఎంఐ 13.7, పల్స్ 44. ఫాస్ఫేట్ 3.1 వచ్చింది కాబట్టి అందరూ ధైర్యంగా ఉన్నారు. నీరసంగా ఉందని రోజుకి రెండు లీటర్ల డీఎన్ఎస్, అంటే చక్కెర కలిపిన సెలైన్ పెట్టారు, తిండి 700 కేలరీలు.

సమస్య: మూడో రోజు పొద్దున బరువు 38.2, పడుకునే ఉన్నా పల్స్ 96, చీలమండల దగ్గర వాపు, కాస్త ఆయాసం. "బాగా కోలుకుంటోందమ్మా" అని వాళ్ళమ్మతో చెప్పేది సరిగ్గా ఇక్కడే.

కారణం: కిలో ఒళ్ళు పెరగాలంటే దాదాపు ఏడు వేల కేలరీలు కావాలి, రెండు రోజుల్లో ఆమెకి అందింది రెండు వేల పైచిలుకే, అంటే పెరిగింది ఒళ్ళు కాదు నీరు. రెండు లీటర్ల డీఎన్ఎస్‌లో 100 గ్రాముల చక్కెర, 18 గ్రాముల ఉప్పు ఉంటాయి, దీన్ని ఎవరూ డైట్ షీట్‌లో రాయరు. చక్కెర పడగానే ఇన్సులిన్ లేచి ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియంని కణాల్లోకి లాగేస్తుంది, ఒంట్లో నిల్వలు ముందే ఖాళీ కాబట్టి రక్తంలో ఒక్కసారిగా పడిపోతాయి, రీఫీడింగ్ సిండ్రోమ్ అంటే ఇదే. చేరిన రోజు ఫాస్ఫేట్ నార్మల్‌గా ఉండటం ఏమీ తేల్చదు. పల్స్ 44 ఉన్న మనిషికి 96 నార్మల్ కాదు, గుండె ఇబ్బంది పడుతోందేమో, ఇన్‌ఫెక్షనేమో చూడాలి.

ఏం చేయాలి: వెంటనే ఫాస్ఫేట్, మెగ్నీషియం, పొటాషియం, షుగర్, ఈసీజీ. మామూలు ఎలక్ట్రోలైట్స్ పంపితే చాలా ల్యాబుల్లో సోడియం, పొటాషియం, క్లోరైడే వస్తాయి, ఫాస్ఫేట్ విడిగా రాయాలి, ఇది రాయకపోవడం వల్లే సగం కేసులు తెలియకుండా పోతాయని నా అభిప్రాయం. ఫాస్ఫేట్ 1.4 వచ్చిందనుకోండి, డీఎన్ఎస్ ఆపి ఫిజీషియన్‌ని పిలవండి, కిడ్నీ, కాల్షియం చూసి ఫాస్ఫేట్ నెమ్మదిగా ఎక్కిస్తారు, కాల్షియం ఉన్న లైన్‌లో మాత్రం కలపొద్దు. మెగ్నీషియం సరి చేయకపోతే పొటాషియం ఎంత ఇచ్చినా నిలవదు. థయమిన్ 100 మిల్లీగ్రాములు అసలు మొదటి ముద్దకి, మొదటి డెక్స్‌ట్రోస్‌కి ముందే పడాల్సింది, పడకపోతే ఇప్పుడే ఇవ్వండి. తిండి పూర్తిగా ఆపొద్దు, పెంచడం ఆపండి, బాగా వేగంగా పడిపోతుంటే సగానికి తగ్గించండి. కుదురుకున్నాక రోజు విడిచి రోజు పెంచుకుంటూ పోవాలి, భయపడి వారం రోజులు అక్కడే ఉంచితే అదీ ప్రమాదమే.

ఇలాంటి వాళ్ళకి మొదటి రోజు కిలోకి 10 నుంచి 20 కేలరీలు, మొదటి మూడు రోజులు 12 గంటలకోసారి ఎలక్ట్రోలైట్స్. ఇంటి నుంచి రాగిజావ, గ్లూకోజ్ నీళ్లు వస్తే అవీ లెక్కలో రాయండి. అర్ధరాత్రి దాటాక షుగర్ చూడటం మర్చిపోవద్దు, నిల్వలు లేనివాళ్ళకి ఆ టైంలో పడిపోవచ్చు.

సైకియాట్రీకి ఎప్పుడు పంపాలి: బరువు చూసి కాదు. పగటి పల్స్ 50 దాటి, లేచి నిలబడితే తల తిరగకుండా, ఒళ్ళు చల్లబడకుండా, ఈసీజీలో క్యూటీసీ బాగుండి, ఫాస్ఫేట్ ఎక్కించకుండానే ఒకటి రెండు రోజులు నిలబడితే, తిండి పెంచుతున్నా కూడా నిలబడితే, అప్పుడు పంపొచ్చు.